శాతం నుంచి లీటర్లకు: నాఫ్తలీన్ సూపర్ ప్లాస్టిసైజర్‌తో ఆరేళ్ల అనుభవం

నాఫ్తలీన్ రకం ద్రవ సూపర్ ప్లాస్టిసైజర్‌ను బ్యాచింగ్ ప్లాంటులో ఆరేళ్లుగా వాడుతున్నాను. నీరు పెంచకుండా కాంక్రీటును పలుచబరచడంలో అది నన్ను ఏనాడూ నిరాశపరచలేదు. గంట తిరగకముందే స్లంప్, అంటే తడి కాంక్రీటు జారే గుణం, పడిపోవడం మాత్రం దాని లోపమే. అయితే నాకు ఎదురైన పెద్ద ఇబ్బంది మందుది కాదు, దాన్ని కొలిచిన తీరుది.

మోతాదును సిమెంటు బరువులో శాతంగా చెబుతారు, మందును పోసే యంత్రమేమో లీటర్లలో కొలుస్తుంది. ఘనపు మీటరుకు 350 కిలోల సిమెంటు ఉన్న మిశ్రమానికి 1 శాతం అంటే 3.5 కిలోల మందు. నా దగ్గరున్న మందు లీటరు 1.22 కిలోలు తూగుతుంది కాబట్టి, 3.5ను 1.22తో భాగిస్తే సుమారు 2.87 లీటర్లు వస్తుంది. అర ఘనపు మీటరు బ్యాచ్‌కైతే అందులో సగం, అంటే 1.43 లీటర్లు చాలు.

మొదటి ఏడాది ఒక రోజు ఆ 3.5నే లీటర్లుగా యంత్రంలో నమోదు చేశాం. అంటే 4.27 కిలోలు పడింది, మోతాదు 1.22 శాతానికి చేరింది. కాంక్రీటు బాగా జారుతోందని అప్పుడు సంతోషించాం కానీ, కాసేపటికి పైన నీరు తేలింది. మర్నాడు ఉదయం అచ్చు విప్పబోతే పరీక్ష కోసం పోసిన క్యూబు అంచు వేలి ఒత్తిడికే రాలింది. అంత ఎక్కువగా పడితే ఈ మందు గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తుందని నాకు అర్థమైంది ఆ అంచును చూశాకే.

దీనికి ఎదురు పొరపాటు ఫ్లై యాష్ కలిపినప్పుడు జరుగుతుంది. 280 కిలోల సిమెంటు, 70 కిలోల ఫ్లై యాష్ ఉన్న మిశ్రమానికి మా డిజైన్‌లో శాతాన్ని మొత్తం 350 కిలోల మీద ఇచ్చారు. సిమెంటు ఒక్కదాన్నే లెక్కిస్తే 2.3 లీటర్లే పడుతుంది, స్లంప్ చాలదు, అప్పుడు చేయి నీళ్ల గొట్టం వైపు వెళుతుంది. అందుకే శాతం దేని మీదో డిజైన్ కాగితంలో చూడకుండా నేను లెక్క మొదలుపెట్టను.

సాంద్రతను కూడా ముద్రించిన కాగితం నుంచి తీసుకోవడం మానేశాను. ప్రతి కొత్త డ్రమ్ము నుంచి లీటరు గీత వరకు జాడీ నింపి, ఖాళీ జాడీ బరువు తీసేసి తూస్తాను. ఒకసారి 1.22కు బదులు 1.19 వచ్చింది. లీటర్ల లెక్కను మాత్రమే సవరించి ఉంటే మందులోని ఘనపదార్థం తక్కువైన సంగతి తెలిసేది కాదు. కర్రతో అడుగు నుంచి బాగా కలిపి మళ్లీ తూస్తే 1.22 చూపింది, చిక్కటి భాగమంతా డ్రమ్ము అడుగున పేరుకుని ఉంది.