మూడేళ్లు వాడాక: మా వార్డు రక్తం ఎక్కించే చార్టు

మెడిసిన్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. రక్తం ఎక్కించేటప్పుడు రాసే చార్టును మూడేళ్ల కిందట మార్చారు. కొత్తది వచ్చినప్పుడు అందరిలాగే నేనూ విసుక్కున్నాను. ఇప్పుడు పాతది ఇస్తే తీసుకోను. అలాగని దీనికి లోపాలు లేవని కాదు.

పాత చార్టులో ‘0, 15, 30, 60 నిమిషాలు’ అని గళ్లు అచ్చువేసి ఉండేవి. ముప్ఫై మంది రోగులకు ఒక్క సిస్టర్ ఉన్న రాత్రి డ్యూటీలో ఆ పదిహేనో నిమిషం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలిసేది కాదు. తెల్లవారాక గళ్లన్నీ ఒకేసారి నిండేవి. అలా నింపిన చార్టు చూడగానే తెలిసిపోతుంది. శ్వాస పై నుంచి కింది దాకా 18, సిరా ఒకటే, చేతిరాత వాలు కూడా ఒకటే. నేనూ అలా నింపిన రోజులున్నాయి.

కొత్త చార్టులో నిమిషాలు లేవు, ఖాళీ గళ్లే. బ్యాగ్ తగిలించగానే గడియారం చూసి, ఏ గడి ఎన్ని గంటలకో మనమే ముందుగా రాసుకోవాలి. 11:30కి మొదలుపెడితే 11:45, 12:00, 12:30, అక్కడి నుంచి గంటగంటకూ. డ్యూటీ మారినా వచ్చే సిస్టర్‌కు లెక్క వేసే పని ఉండదు. పైన ఇంకో గడిలో బ్యాగ్ బ్లడ్ బ్యాంక్ నుంచి బయటికొచ్చిన టైమ్, దాని పక్కనే నాలుగు గంటలు కలిపిన టైమ్ రాస్తాం. 11:10కి ఇస్తే 3:10. అప్పటికి ఇంకా మిగిలి ఉంటే తీసేయాల్సిందే. వార్డుకు తెచ్చాక సూది దొరక్క పోయిన ఇరవై నిమిషాలు కూడా ఇందులోకే వస్తాయి.

నాకు బాగా నచ్చింది టెంపరేచర్ గడి. మొదలుపెట్టే ముందు చూసిన టెంపరేచర్‌కు 1.8 డిగ్రీల ఫారన్‌హీట్ కలిపి ఎర్ర పెన్నుతో రాయాలి. జ్వరం అక్కడికి చేరితే రక్తం ఆపాలి. మొదట అచ్చైన చార్టులో ‘1 డిగ్రీ సెంటీగ్రేడ్ పెరిగితే’ అని ఉండేది. మా థర్మామీటర్లన్నీ ఫారన్‌హీటే. ఒక డిగ్రీ పెరగగానే ఆపేసిన వాళ్లున్నారు, లెక్క తేలక ఊరుకున్న వాళ్లూ ఉన్నారు. రెండోసారి అచ్చులో సరిచేశారు.

ఒక కేసు చెప్తాను. రక్తహీనతతో చేరిన ఒకామెకు 11:30కి ఎర్రకణాల బ్యాగ్ పెట్టాం. మొదలుపెట్టే ముందు 98.2, కాబట్టి ఎర్ర అంకె 100.0. పదిహేను నిమిషాలకు ఏ తేడా లేదు. 12:00కి 98.8, పల్స్ 84 నుంచి 104కి పెరిగింది. టెంపరేచర్ ఒక్కటే చూస్తే ఏమీ లేదనిపించేది. పల్స్ చూసి నేను 12:30 దాకా ఆగకుండా 12:20కే మళ్లీ వెళ్లాను. “సిస్టరమ్మా, చలి పెడుతుంది, ఇంకో దుప్పటియ్యి” అంది. చూస్తే 100.6.

చార్టు ముందు పేజీలోనే, కుడి వైపు మందపాటి గీతల పెట్టె ఉంటుంది. మొదటి వాక్యం: ‘క్లాంప్ వేయండి. కాన్యులా తీయొద్దు.’ కంగారులో చాలామంది చేసే తప్పు అదే, ఉన్న సూదిని పీకేయడం. బీపీ పడిపోతే మళ్లీ నరం దొరకదు. రెండోది: సెట్ మార్చి కొత్త సెట్‌తో సెలైన్ పెట్టాలి. పాత సెట్‌లోంచే సెలైన్ వదిలితే గొట్టంలో మిగిలిన రక్తమంతా లోపలికి పోతుంది. తర్వాత డాక్టర్‌ను పిలవడం, రోగి పేరూ నంబరూ బ్యాగ్‌తో మళ్లీ సరిచూడటం. ప్రతి అడుగు పక్కనా టైమ్ రాయాలి. ఆ రోజు 12:21, 12:24, 12:26 అని నా గిలకరాత ఇప్పటికీ ఫైల్లో ఉంది.

బ్యాగ్‌ను సెట్‌తో సహా, కొత్తగా తీసిన రక్తం, మూత్రం శాంపిళ్లు, రియాక్షన్ ఫారంతో పంపాం. మూత్రం ఎర్రగా లేదు. గ్రూపు మళ్లీ చూస్తే సరిపోయింది, ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే కూంబ్స్ పరీక్ష నెగెటివ్. కణాలు పగిలిన రియాక్షన్ కాదు, ఉత్త జ్వరం రియాక్షనే అని తేల్చారు. పారాసిటమాల్‌తో సాయంత్రానికి తగ్గింది. ఆ బ్యాగ్ మాత్రం మళ్లీ పెట్టలేదు.

ఇక లోపాలు. ఆక్సిజన్ శాతానికి గడి లేదు. గుండె, కిడ్నీ జబ్బులున్న పెద్దవాళ్లకు జ్వరం కన్నా ఆయాసమే ఎక్కువ భయం. ఒంట్లో నీరెక్కువై వచ్చే ఆ ఆయాసం బ్యాగ్ అయిపోయిన కొన్ని గంటలకు కూడా రావచ్చు. చార్టేమో బ్యాగ్ తీసిన గంటకే ముగుస్తుంది. రెండో బ్యాగ్ పెడితే కొత్త కాగితం తీసుకోవాలని ఎక్కడా రాయలేదు. అందుకే రెండింటి టైములూ ఒకే దాంట్లో ఇరికించి, ఏ జ్వరం ఏ బ్యాగ్‌దో తెలియకుండా చేసినవి రెండు చూశాను.

ఆక్సిజన్ వరుస మాత్రం మేమే స్కేలు పెట్టి గీసుకుంటున్నాం. చార్టులు వచ్చిన రోజే, కట్ట విప్పగానే.