బ్యాటరీ మార్చాక అద్దం ఆటోగా లేవడం లేదా? స్విచ్, రెండో బ్యాటరీ, స్కానర్: ఏది మేలు?

కొత్త బ్యాటరీ వేయించుకుని కారు ఇంటికి తెస్తాం. డ్రైవర్ వైపు స్విచ్ ఒక్కసారి పైకి లాగి వదిలితే అద్దం దానంతట అదే మూసుకోవాలి. కానీ రెండు అంగుళాలు లేచి ఆగిపోతుంది, స్విచ్ పట్టుకుని ఉన్నంతసేపే కదులుతుంది. కిందికి మాత్రం ఎప్పటిలాగే ఒక్క నొక్కుకే దిగిపోవచ్చు. ఇది చూసి స్విచ్ పోయిందనో మోటార్ పోయిందనో చెప్పేవాళ్లు ఎక్కువ. చాలాసార్లు ఏదీ పోలేదు, మోటార్ దగ్గరున్న మాడ్యూల్ తన లెక్క మర్చిపోయింది, అంతే.

ఆ లెక్క ఏమిటంటే, మోటార్ తిరిగేటప్పుడు దానిలోని సెన్సార్ పల్స్‌లు పంపుతుంది. మాడ్యూల్ వాటిని లెక్కపెట్టి అద్దం ఎంత ఎత్తులో ఉందో తెలుసుకుంటుంది. మధ్యలో ఏదైనా అడ్డొస్తే మోటార్ వేగం తగ్గుతుంది. పై అంచుకు ఇంకా దూరం ఉండగానే వేగం తగ్గిందంటే ఎవరి చెయ్యో ఇరుక్కుందని భావించి అద్దాన్ని వెనక్కి దించుతుంది. దీన్నే యాంటీ పించ్ అంటారు. పై అంచు ఎక్కడో తెలియకపోతే, తగిలింది చెయ్యో ఫ్రేమో మాడ్యూల్ తేల్చలేదు. అందుకే కరెంటు పోయి లెక్క చెరిగితే ఆటో అప్‌ను తనే ఆపేస్తుంది. కిందికి దిగేటప్పుడు ఇరుక్కునే భయం తక్కువ కాబట్టి ఆటో డౌన్‌ను చాలా కార్లలో వదిలేస్తుంది. మీ కారులో మొదటి నుంచీ ఆటో డౌన్ ఒక్కటే ఉంటే ఈ గొడవంతా మీకు లేదు. చాలా చిన్న కార్లలో పరిస్థితి అదే.

ఇక మన ముందున్న దారులు మూడు. ఇంట్లోనే స్విచ్‌తో లెక్క మళ్లీ నేర్పడం ఒకటి. బ్యాటరీ మార్చేటప్పుడు పక్కన ఇంకో 12 వోల్టుల బ్యాటరీ తగిలించి, లెక్క పోకుండానే చూసుకోవడం రెండోది. వర్క్‌షాపులో కారు మాడ్యూళ్లలో నమోదైన లోపాలు చదివే స్కానర్ పెట్టించడం మూడోది. నా ఓటు మొదటిదానికే, కానీ దాన్ని సరిగ్గా చేస్తేనే.

రెండో దారి వినడానికి తెలివైనదిలా ఉంటుంది. గడియారం, రేడియో సెట్టింగులు కూడా నిలుస్తాయి. చిక్కేమిటంటే, పాత బ్యాటరీ నుంచి విప్పిన పాజిటివ్ క్లాంప్‌లో అప్పుడు కరెంటు ఉంటుంది. అది జారి బాడీకి తగిలితే మెరుపు మెరిసి ఫ్యూజు పోతుంది, అదృష్టం బాగోకపోతే ఇంకేదైనా పోతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కరెంటు ఇద్దామంటే, చాలా కార్లలో తాళం తీయగానే ఆ సాకెట్ ఆగిపోతుంది. పైగా బ్యాటరీ అప్పటికే పూర్తిగా చచ్చిపోయి ఉంటే కాపాడడానికి లెక్క మిగిలి ఉండదు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు యజమాని హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉద్యోగంలో ఉండి, కారు నెలల తరబడి ఊళ్లో షెడ్డులో ఉండిపోవడం మామూలే. అలాంటి కార్లకు ఈ పద్ధతి పనికిరాదు. రెండు నిమిషాల స్విచ్ పని తప్పించుకోవడానికి ఇంత రిస్కు అనవసరం అని నా అభిప్రాయం.

స్విచ్ పద్ధతి ఇలా. ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచండి. నీరసంగా ఉన్న బ్యాటరీ మీద అద్దం నెమ్మదిగా కదిలితే మాడ్యూల్ తప్పుగా నేర్చుకునే అవకాశం ఉంది. తలుపులన్నీ మూయండి. అద్దాన్ని పూర్తిగా కిందికి దించి, స్విచ్ మరో రెండు సెకన్లు నొక్కే ఉంచండి. తర్వాత పైకి లాగి పట్టుకోండి, మధ్యలో వదలకండి. అద్దం పైన తగిలాక కూడా మరో రెండు మూడు సెకన్లు అలాగే పట్టుకుని వదలండి. ఇప్పుడు ఆటోగా దించి, ఆటోగా లేపి చూడండి.

కార్లను బట్టి చిన్న తేడాలుంటాయి. చాలా హ్యుందాయ్ కార్లలో అద్దం మూసుకున్నాక కనీసం ఒక సెకను పట్టుకుంటే చాలు. హోండాల్లో ముందు పూర్తిగా దించి, ఆ తర్వాత పైకి లాగి పట్టుకోమంటారు. మీ కారు పుస్తకంలో పవర్ విండో పేజీ చూస్తే ఖచ్చితమైన వరుస ఉంటుంది. వెనక తలుపులకూ ఆటో అప్ ఉంటే, చాలా కార్లలో ఏ తలుపు స్విచ్‌తో ఆ తలుపుకే చేయాలి. విండో లాక్ బటన్ తీసి ఉంచడం మర్చిపోవద్దు.

జాగ్రత్త ఒకటుంది. ఈ పని జరుగుతున్నంతసేపు యాంటీ పించ్ కాపలా ఉండదు. అద్దం పూర్తి బలంతో లేస్తుంది. పిల్లల్ని కారులోంచి దించేసి చేయండి.

శ్రీకాకుళంలో మా బావమరిది కారు సంగతి చూద్దాం. బ్యాటరీ మార్చిన చోట డ్రైవర్ స్విచ్ ప్యానెల్ మార్చాలన్నారట. "బావా, కొత్తది ఆర్డర్ పెట్టేయమంటావా?" అని ఫోన్ చేశాడు. వద్దు, ముందు నేను చెప్పినట్టు చెయ్యమన్నాను. చేశాడు. ఆటో అప్ తిరిగొచ్చింది గానీ, అద్దం పై అంచు దాకా వెళ్లి జానెడు వెనక్కి దిగిపోతోంది. ఇది లెక్క తప్పు కాదు, రాపిడి. అద్దం జారే రబ్బరు గాడిలో కళింగపట్నం బీచ్ నుంచి వచ్చిన ఇసుకా దుమ్మూ పేరుకుని, కారు ఎండలో నిలబడి రబ్బరు కూడా గట్టిపడింది. అద్దం బిగుసుకుంటుంటే మాడ్యూల్ దాన్ని చెయ్యి అనుకుంటోంది. తడిగుడ్డను ప్లాస్టిక్ స్కేలుకు చుట్టి గాడి రెండు వైపులా తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టాడు. గ్రీజు, కొబ్బరినూనె లాంటివి వద్దు, ఇసుకను మళ్లీ పట్టేస్తాయి. తర్వాత నేర్పే పని మొదటి నుంచి చేశాడు, ఎందుకంటే బిగుసుకున్న గాడితో నేర్చుకున్న లెక్క మీద భరోసా పెట్టలేం. అద్దం హాయిగా మూసుకుంది.

ఒకవేళ వరుసగా లేపి దించుతుంటే అద్దం అసలు కదలడం మానేస్తే కంగారు పడకండి. మోటార్ వేడెక్కి తనను తాను ఆపుకుంది. కాసేపు వదిలేస్తే వస్తుంది.

ఆటో అప్ వచ్చింది కదా అని అక్కడితో ఆగకూడదు. న్యూస్‌పేపర్లను గట్టి గొట్టంలా చుట్టి అద్దం దారిలో నిలబెట్టి ఆటోగా లేపండి. తగలగానే వెనక్కి దిగాలి. యూరప్, అమెరికా నియమాల్లో అద్దం నొక్కే బలం 100 న్యూటన్లు, అంటే సుమారు పది కిలోల బరువు దాటకముందే తిరగాలని ఉంది. చేత్తో పరీక్షించకండి. ఈ కాపలా పై అంచు దగ్గర చివరి కొద్ది మిల్లీమీటర్లలో పనిచేయదు, చిన్నపిల్లల వేలు పట్టేది అక్కడే. స్విచ్ లాగి పట్టుకునే ఉంటే కూడా కొన్ని కార్లలో కాపలా పక్కకు తప్పుకుంటుంది.

స్కానర్ దారి ఎప్పుడంటే, గాడి శుభ్రం చేసి వరుస సరిగ్గా చేసినా ఆటో అప్ నిలవకపోతే. లేదా తలుపు మోటార్‌నో మాడ్యూల్‌నో మార్చి ఉంటే. అప్పుడు స్కానర్ ఆ తలుపులో నమోదైన లోపం చెబుతుంది: సెన్సార్ పల్స్ రావడం లేదా, వోల్టేజీ తగ్గుతోందా అని. ఆ సమాచారం లేకుండా ఎవరైనా స్విచ్ మార్చమంటే, ముందు అదే స్విచ్ పట్టుకుని అద్దాన్ని లేపి దించి చూపించమనండి. స్విచ్ పట్టుకుంటే అద్దం పైకీ కిందికీ సాఫీగా తిరుగుతోందంటే స్విచ్‌ను అనుమానించడానికి పెద్దగా కారణం లేదు.