పెద్దకర్మ వీడియోకి కీర్తనా, వీణా?

తిరుపతిలో పెద్దకర్మ రోజు హాల్లో చూపించడానికి నాన్నగారి ఫొటోలు 40 ఉన్నాయనుకుందాం. వాటి వెనుక ఆయనకిష్టమైన కీర్తన పెట్టాలా, ఒట్టి వీణ చాలా?

కీర్తన వినగానే ఇంటివాళ్లకు ఆయనే గుర్తొస్తారు. కానీ సాహిత్యం వింటూ ఫొటోలు చూడటం కష్టం. పైగా ఫొటోలు అయిపోయి చరణం మధ్యలో తెగితే మనసు చివుక్కుమంటుంది. వీణనైతే ఎక్కడైనా మెల్లగా తగ్గించి ఆపొచ్చు.

ఫొటోకి 5 సెకన్లు చాలు. గ్రూప్ ఫొటోలు 10 ఉంటే వాటికి 8 ఇవ్వండి, అందులో ఎవరెవరున్నారో అందరూ వెతుక్కుంటారు. మొత్తం 230 సెకన్లు.

నేనైతే వీణే పెట్టి, చివరి ఫొటోకి మాత్రం పల్లవి వినిపిస్తాను. వరుస వయసు ప్రకారమే, కానీ మంచాన పడ్డాక తీసినవి వద్దు. ఆరోగ్యంగా ఉన్నప్పటిదే ఆఖరున ఉంచి, పల్లవి పూర్తయ్యేదాకా మార్చకూడదు.