రెండు లింకుల రోబో చేయి: పైథాన్ సిమ్యులేషన్‌లో నాకు బాగా నచ్చింది కోణాల గ్రాఫ్

నా రోబో చేతిని తిప్పే సర్వో మోటార్లకు ఏ కమాండ్ పంపినా ముందు పైథాన్‌లో ఆడించి చూడటం నాకు చాలా నెలలుగా అలవాటు. matplotlib‌లో చేయి కదలడం చూడముచ్చటగానే ఉంటుంది. కానీ నేను ప్రాణం పెట్టి చూసేది దాని కింద గీసుకునే కోణాల గ్రాఫ్‌నే.

ఎందుకో చెబుతాను. నా చేతిలో లింకులు రెండూ 10 సెం.మీ. పెన్నును x అక్షం మీదుగా భుజానికి 14 సెం.మీ. దూరం నుంచి 20 సెం.మీ. దాకా సమాన వేగంతో, 20 మిల్లీసెకన్లకు 1 మి.మీ. చొప్పున జరపమన్నాను. యానిమేషన్‌లో గీత నున్నగా వచ్చింది, వంక పెట్టడానికి లేదు. గ్రాఫ్‌లో మాత్రం మోచేతి కోణం చివర్లో నిట్టనిలువుగా పడిపోయింది. 14 దగ్గర 1 మి.మీ.కి మోచేయి 0.8 డిగ్రీలు తిరిగితే చాలు. 19.9 నుంచి 20కి చేరాలంటే అదే 1 మి.మీ.కి 11.5 డిగ్రీలు తిరగాలి. 60 డిగ్రీలకు 0.1 సెకను పట్టే చిన్న సర్వో బరువేమీ లేకుండా ఆ 20 మిల్లీసెకన్లలో తిరిగేది 12 డిగ్రీలే. లింకు బరువు పడితే వెనకబడటం ఖాయం. చేయి పూర్తిగా చాచినప్పుడు ఎప్పుడూ ఇంతే. మోచేయి ఎంత తిరిగినా కొన దాదాపు ముందుకు జరగదు. ఇదంతా మోటారుకు కరెంటు ఇవ్వకముందే కనబడటం నాకు నిజంగా సంతోషం. 19 సెం.మీ. దగ్గరే గీత ఆపేశాక మోచేతికి 1 మి.మీ.కి 2 డిగ్రీల లోపే సరిపోయింది.

అయితే గ్రాఫ్‌ను పూర్తిగా నమ్మలేం. మోచేతి కోణం q2 కనుక్కోవడానికి ముందు దాని కొసైన్ c2‌ను చాలామంది ఇలా -1, 1 మధ్య బిగిస్తారు:

```python
c2 = (x*x + y*y - L1*L1 - L2*L2) / (2*L1*L2)
c2 = np.clip(c2, -1, 1)
q2 = np.arccos(c2)
```

రౌండింగ్ వల్ల c2 ఒకటిని వెంట్రుకవాసి దాటి nan రాకుండా ఇది కాపాడుతుంది. కానీ 20.5 సెం.మీ. అడిగినా కిక్కురుమనకుండా చేతిని 20 దగ్గర నిలబెడుతుంది, గ్రాఫ్ కూడా చక్కగా చదునుగా కనిపిస్తుంది. అందుకే వచ్చిన కోణాలతో కొన స్థానాన్ని మళ్లీ లెక్కగట్టి, అడిగిన బిందువుతో పోల్చే కోడ్ వరస తప్పకుండా ఉంచుతాను. తేడా ఉంటే ఆ బిందువు సర్వోకు వెళ్లదు.

ఇక గేర్లలో ఉండే వదులు సిమ్యులేషన్‌కు తెలియదు. భుజం దగ్గర 1 డిగ్రీ వదులుంటే 19 సెం.మీ. దూరంలో కొన 3.3 మి.మీ. పక్కకు పోతుంది. తెర మీద తిన్నగా ఉన్న గీత కాగితం మీద వంకర్లు పోయేది ఇందుకే. మామూలు హాబీ సర్వో తను ఎక్కడుందో తిరిగి చెప్పదు కాబట్టి దీన్ని కోడ్‌లో పట్టుకోలేను.

నా చేయి మోసేది ఒక పెన్ను, అదీ బల్ల మీద అడ్డంగా. ఆ పనికి ఈ గ్రాఫ్ లేకుండా నేను సర్వో ముట్టుకోను. నిలువుగా నిలబడి బరువులెత్తే చేయికైతే కోణాలతో పాటు టార్క్ లెక్క కూడా వేసుకోవాలి, అది నేను వాడిచూడలేదు.