480 జీబీ అని చెప్పి 64 జీబీ అంటగట్టారు: పాత కంప్యూటరుకు ఎస్‌ఎస్‌డీ కొనేవారు జాగ్రత్త

తక్కువ ధరకు ఎస్‌ఎస్‌డీ కొని పాత డెస్క్‌టాప్‌కు ప్రాణం పోయాలనుకునే వారికి ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర మేము కొన్న 480 జీబీ డ్రైవులో నిజంగా ఉన్నది 64 జీబీ మాత్రమే. కంప్యూటరు దాన్ని 480 జీబీగానే చూపిస్తుంది, ఫైళ్లు కాపీ అయినట్టే కనిపిస్తాయి, ఎక్కడా ఎర్రర్ రాదు. మోసమంతా ఆ నిశ్శబ్దంలోనే ఉంది.

నేను చంద్రగిరి దగ్గర ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా ఊరి చిన్న గ్రంథాలయానికి ఎవరో ఇచ్చిన డెస్క్‌టాప్ ఒకటి ఉంది. కోర్ 2 డ్యూయో ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, టక్‌టక్‌మని శబ్దం చేసే 160 జీబీ హార్డ్ డిస్క్. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు, సభ్యుల జాబితా అన్నీ అందులోనే ఉన్నాయి. హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టి లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే పిల్లలు వాడుకోవడానికి చాలునని, తిరుపతిలో డిప్లొమా చదువుతున్న మా మనవడు చెప్పాడు. ఆ మాట నిజమే. కొత్త డ్రైవు బిగించాక కంప్యూటరు ఎంతో చురుగ్గా తెరుచుకుంది.

మనవడు డ్రైవును రెండు భాగాలు చేశాడు. మొదటి 40 జీబీ లినక్స్‌కు, మిగిలినది పుస్తకాలకు. విండోస్ కంప్యూటర్లు కూడా చదవగలిగేలా పుస్తకాల భాగాన్ని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేశాడు. దాదాపు 70 జీబీ పుస్తకాలు కాపీ చేసి, చివరగా వచ్చిన ఒకటి రెండు పుస్తకాలు తెరిచి చూస్తే పేజీలు చక్కగా వచ్చాయి. కంప్యూటరు ఆపి, మళ్లీ వేశాక అవే పుస్తకాలు తెరుచుకోలేదు. “తాతా, ఫైలు సైజు సరిగ్గానే ఉండాది, లోపల మాత్రం అన్నీ సున్నాలే” అన్నాడు.

ఇది ఎలా జరుగుతుందో తెలుసుకుంటే మోసం అర్థమవుతుంది. డ్రైవు పరిమాణం ఎంతో కంప్యూటరుకు చెప్పేది డ్రైవులోని కంట్రోలర్ చిప్పే. కంప్యూటరు దాన్ని కొలవదు, నమ్ముతుంది. అబద్ధం చెప్పేలా ఆ చిప్పును మార్చినప్పుడు, నిజమైన చోటు నిండిన తర్వాత రాసినదంతా అందుకున్నట్టు నటించి వదిలేస్తుంది. కొన్ని నకిలీ డ్రైవులైతే పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసేస్తాయి. ఇక కాపీ చేసిన వెంటనే పుస్తకం తెరుచుకోవడానికి కారణం ర్యామ్. ఇప్పుడే రాసిన ఫైలును కంప్యూటరు కొంతసేపు ర్యామ్‌లో ఉంచుకుని అక్కడి నుంచే చూపిస్తుంది. అందుకే “కాపీ చేసి తెరిచి చూశాను, బాగానే ఉంది” అన్నది పరీక్ష కాదు.

అసలు పరీక్ష ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాముతో చేయాలి. ఖాళీగా ఉన్న భాగాన్ని ఫైళ్లతో పూర్తిగా నింపి, ఆ తర్వాత వాటిని తిరిగి చదివి పోలుస్తుంది. మనవడు పుస్తకాల భాగాన్ని ఖాళీ చేసి ఈ ఆదేశాలు ఇచ్చాడు. మీరు మీ డ్రైవు దారి రాసుకోవాలి.

```
sudo apt install f3
f3write /media/library/books/
f3read /media/library/books/
```

ఇది గంటల తరబడి సాగే పని, కరెంటు పోని వేళ చూసుకుని మొదలుపెట్టండి. మాకు `Data OK` ఎదురుగా దాదాపు 20 జీబీ, `Data LOST` ఎదురుగా దాదాపు 387 జీబీ వచ్చాయి. లినక్స్ భాగం 40, ఈ 20 కలిపితే 60. డ్రైవు తయారుచేసేవాళ్లు జీబీని 1000 లెక్కన, కంప్యూటరు 1024 లెక్కన చూస్తాయి కాబట్టి 64 జీబీ డ్రైవులో కనిపించేది దాదాపు అంతే. మంచి డ్రైవులో `Data LOST` సున్నా రావాలి. పరీక్ష ముగిశాక `.h2w` అని ముగిసే ఫైళ్లను తీసేయండి. ఇక 480 జీబీ డ్రైవును `lsblk` ఆదేశం 447 అని చూపిస్తే అది మోసం కాదు, లెక్కించే పద్ధతిలోని తేడా మాత్రమే. ఈ పరీక్ష పరిమాణం నిజమో కాదో చెబుతుందే తప్ప డ్రైవు ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పదు.

నిజమైన చోటు నిండేదాకా లోపం బయటపడదు. రోజుకు కొన్ని ఫైళ్లు మాత్రమే చేర్చే గ్రంథాలయంలో అది నిండేసరికి వాపసు గడువు దాటిపోతుంది. అమ్మకందారు ధైర్యం అదే. కనుక డ్రైవు చేతికొచ్చిన రోజే, దానిలో లినక్స్ వేయకముందే, పెన్‌డ్రైవు నుంచి లినక్స్ నడిపి మొత్తం డ్రైవును పరీక్షించండి. పరీక్ష పూర్తయ్యేవరకు పాత డిస్కులోని ఫైళ్లు తుడిచేయకండి. మా మనవడు పాత డిస్కును అలాగే ఉంచాడు కాబట్టే ఒక్క పుస్తకం కూడా పోలేదు.

మేము ఫిర్యాదు చేసినప్పుడు “మీరే ఫార్మాట్ చేసి చెడగొట్టారు” అన్నారు. ఎఫ్3 ఫలితం ఫొటో, డ్రైవు మీది లేబుల్ ఫొటో, బిల్లు కలిపి మళ్లీ పంపాక డబ్బు వెనక్కి ఇచ్చారు. ఇవ్వకపోయి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసేవాళ్లం. ఆ అవసరం మీకు పడితే ఈ మూడూ దగ్గర పెట్టుకోండి. ఇప్పుడు గ్రంథాలయంలో తిరుపతి దుకాణంలో బిల్లుతో కొన్న 240 జీబీ డ్రైవు నడుస్తోంది. దాన్ని కూడా ముందు ఎఫ్3తో నింపి చూశాకే పుస్తకాలు ఎక్కించాము.