గుమ్మం వెడల్పు చేయాలంటే: కాంక్రీటు లింటెలా, ఇనుప జాయిస్టులా?

తెనాలిలో ఒక పాత ఇల్లు. పిల్లర్లు లేవు, శ్లాబు మొత్తం 9 అంగుళాల ఇటుక గోడల మీదే ఉంది. హాలుకీ వంటింటికీ మధ్య ఉన్న 3 అడుగుల గుమ్మాన్ని 6 అడుగులు చేయాలన్నారు. మేస్త్రీ, "అక్కడే సెంట్రింగ్ కట్టి లింటెల్ పోసేద్దాం" అన్నాడు. నేను ఇనుప జాయిస్టులు, అంటే I ఆకారపు దూలాలు అన్నాను.

ముందు బరువు సంగతి. గుమ్మం మీద గోడ ఎత్తుగా ఉంటే ఇటుకలు ఆర్చిలా సర్దుకుంటాయి, లింటెల్ మీదికి త్రికోణమంత గోడే వస్తుంది. 6 అడుగుల గుమ్మానికి ఆ త్రికోణం ఎత్తు 5 అడుగులకు పైనే. ఇక్కడ 7 అడుగుల దగ్గర లింటెల్, 10 అడుగుల దగ్గర శ్లాబు. అంటే ఆర్చి కుదరదు, శ్లాబు బరువు నేరుగా లింటెల్ మీదికే వస్తుంది. రెండు వైపుల గదుల వాటా లెక్కేస్తే మొత్తం సుమారు 5 టన్నులు, ఒక్కో చివర రెండున్నర.

ఏ లింటెల్ పెట్టినా ఈ బరువును ముందు వేరే చోట దించాలి. గోడకు రెండు పక్కలా శ్లాబు కింద జాకీలు పెట్టాం. కొత్త లింటెల్ పైన, 8 అడుగుల ఎత్తులో, ఒక్కో ఇటుక మేర మూడు కన్నాలు చేసి ఇనుప దూలాలను గోడకు అడ్డంగా దూర్చాం. వీటినే నీడిల్స్ అంటారు. రెండున్నర అడుగులకు ఒకటి, ఒక్కోదానికి అటూ ఇటూ జాకీ. దూలానికీ ఇటుకకీ మధ్య సందును గట్టి మాలుతో బిగించాలి. లేకపోతే దూలం ఉన్నా గోడ అంత మేరా దిగాకే దాని మీద కూర్చుంటుంది. జాకీల కింద మందపాటి పలకలు వేశాం. నాపరాళ్ల కింద ఇసుక ఉంటుంది, పలక లేకపోతే రాయి కుంగుతుంది.

మేస్త్రీ చెప్పిన పద్ధతికి లోపం ఏమీ లేదు, కొత్త ఇంట్లో అదే మేలు. కానీ నిలబడి ఉన్న గోడ కింద పోస్తే కాంక్రీటు పై ఇటుక దాకా నిండదు. పక్క నుంచి ఎంత పొడిచినా ఆరాక పైన సందు మిగులుతుంది. అందుకే 2 అంగుళాలు వదిలి, గట్టిపడ్డాక ఆ సందులో మాలు దట్టించాలి. సెంట్రింగ్ జాకీలు 14 రోజులు కదపకూడదు. మొత్తం మీద మూడు వారాలు జాకీల మధ్యే వంట. విడిగా పోసి తెచ్చే లింటెల్ అయితే 8 అడుగుల ముక్క 300 కిలోలు దాటుతుంది, నీడిల్స్ మధ్య నుంచి ఎత్తడం కుదరని పని.

6 అంగుళాల జాయిస్టు 8 అడుగుల ముక్క 37 కిలోలలోపే. ఇద్దరు ఎత్తగలరు. గోడ సగం మందం తొలిచి ఒకటి, మాలు పట్టాక రెండో వైపు నుంచి ఇంకొకటి పెట్టాం. రెంటినీ బోల్టులతో కలిపి మధ్యలో కాంక్రీటు నింపాం. ఈ రెండూ 5 టన్నులకు 2 మిల్లీమీటర్లు కూడా వంగవు.

అసలు చిక్కు జాయిస్టుల బలంలో లేదు, బేరింగ్‌లో, అంటే చివరలు గోడ మీద ఆనే చోట ఉంది. మన వైపు చాలామంది చివర 6 అంగుళాలు ఆనిస్తే చాలంటారు. జాయిస్టు అంచు వెడల్పు 8 సెంటీమీటర్లే కదా, రెండూ కలిపినా చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు పడుతుంది. నాటు ఇటుక గోడ భద్రంగా మోసేది మూడున్నర కిలోలు, ఒక చోట పడే బరువుకైతే 5. జాయిస్టు నేరుగా ఆనితే అక్కడి ఇటుక నలిగి పొడి అవుతుంది, కొన్ని నెలలకు గుమ్మం మూల నుంచి ఏటవాలుగా పగులు బయల్దేరుతుంది. గతంలో ఒక ఇంట్లో చూశాను, మూడుసార్లు పూత పూసినా అదే చోట తెరుచుకుంది.

అందుకే 15 అంగుళాల పొడవు, గోడ మందం, 6 అంగుళాల ఎత్తుతో కాంక్రీటు దిమ్మెలు రెండు ముందే నేల మీద పోసి గట్టిపడనిచ్చాం. ఒక్కోటి 33 కిలోలు. వాటి మీద జాయిస్టు ఒక అడుగు ఆనింది. దాంతో చదరపు సెంటీమీటరుకు బరువు సగటున 3 కిలోలకు దిగింది, గుమ్మం అంచు దగ్గర కాస్త ఎక్కువ, అయినా 5 లోపే.

జాయిస్టు పైనా సందు ఉంటుంది. 1:3 మాలు, నీళ్లు బాగా తక్కువ. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చెయ్యి తడవకూడదు. చెక్క పెట్టి సుత్తితో కొట్టి నింపాలి. వారం ఆగి జాకీలు మధ్య నుంచి చివరలకు పావు చుట్టు చొప్పున వదిలాం. అంతకుముందే గోడ మీద అడ్డంగా పెట్టిన సున్నపు చుక్కలు పగల్లేదు, అంటే గోడ కదల్లేదు.

సముద్రం దగ్గరి ఊళ్లలో మాత్రం నా ఓటు కాస్త మారుతుంది. తుప్పు పట్టే చోట జాయిస్టుకు ప్రైమర్ వేసి, మెష్ చుట్టి, కాంక్రీటుతో పూర్తిగా కప్పగలిగితేనే ఇనుము. ఇల్లు ఖాళీగా ఉండి, తొందర లేకపోతే అక్కడ మేస్త్రీ మాటే వింటాను. దిమ్మెల మాట మాత్రం రెంటికీ ఒకటే.