చవగ్గా వచ్చిన కస్టమరా, మళ్లీ వచ్చే కస్టమరా?

తిరుపతి కొర్లగుంటలో మా వదిన పచ్చళ్లు చేసి అమ్ముతుంది. రెండు ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్‌కి చెరో 6,000 రూపాయలు పెట్టింది. యాత్రికుల కోసం 50 రూపాయల తగ్గింపు యాడ్‌తో కొత్తవాళ్లు 60 మంది వచ్చారు, మనిషికి 100 ఖర్చు. ఊళ్లోవాళ్లకు చూపిన, తను ఆవకాయ కలిపే వీడియోతో 24 మందే వచ్చారు, మనిషికి 250. యాడ్స్ మేనేజర్‌లో ROAS, అంటే యాడ్‌కి పెట్టిన ప్రతి రూపాయికి వచ్చిన అమ్మకం, మొదటిదానికి 3.5, రెండోదానికి 1.6. వదిన రెండోది ఆపేద్దామనుకుంది.

ఆగమని ఆర్డర్ల పుస్తకం తీయించాను. 400 బిల్లులో కాయలు, నూనె, సీసా, డెలివరీ పోగా మిగిలేది 120. ROAS అమ్మకాన్నే చూస్తుంది, ఈ ఖర్చులు దానికి తెలియవు. ఫోన్ నంబర్లను బట్టి ఆరు నెలల ఆర్డర్లు లెక్కపెట్టాం. పాతవాళ్లు యాడ్ నొక్కి కొన్నా అందులో కలిసిపోతారు కాబట్టి వాళ్ల నంబర్లు ముందే కొట్టేశాం.

యాత్రికుల సగటు 1.2 ఆర్డర్లు. తగ్గింపు పోగా మొదటిసారి 70, మిగతా 0.2 ఆర్డర్‌కి 24, మొత్తం 94. మనిషికి 6 నష్టం! ఊళ్లోవాళ్ల సగటు 4 ఆర్డర్లు, అంటే 480. యాడ్ ఖర్చు తీసేస్తే మనిషికి 230 మిగిలింది.

అయితే ఆ 250 తిరిగి రావాలంటే మూడో ఆర్డర్ పడాలి. అందాకా చేతిలో డబ్బు లేకపోతే ఈ యాడ్‌కే టెన్షన్ ఎక్కువ. అందుకే వదిన దాన్ని ఆపలేదు గానీ, రోజువారీ బడ్జెట్ కొద్దికొద్దిగానే పెంచుతోంది.